తీసి చూడటం, మార్చి చూడటం: ఎనిమిదేళ్లు వాడాక

గుంటూరులో మేం నలుగురం ఆదివారాలు కూర్చుని కవితలు చదువుకుంటాం. ఎక్కడైనా ఎరుపు కనిపిస్తే చాలు, ఎవరో ఒకరు ‘విప్లవం’ అనేసేవారు. ఆ వాదనలు తెగక ఎనిమిదేళ్ల కిందట ఒక పద్ధతి పెట్టుకున్నాం. ప్రతీకేమోనని అనుమానం వచ్చిన మాటను తీసేసి ఒకసారి, దాని చోట ఇంకోటి పెట్టి ఒకసారి చదవాలి. ఏమీ పోకపోతే అది మామూలు వర్ణనే. పోతే, ఏం పోయిందో చెప్పగలగాలి.

మిర్చి కళ్లం మీద మాలో ఒకావిడ రాసిన ఈ నాలుగు పాదాలు చూడండి:

కళ్లంలో ఎర్రటి కుప్ప
అమ్మ ఒళ్లో తెల్లటి తాలు
పొద్దు వాలేసరికి
ఒడి బరువెక్కింది

తెలుపు అంటే వైధవ్యం అన్నారు ఒకరు. ‘తెల్లటి’ తీసేసి చదివాం. ఏమీ పోలేదు. ఎండబెట్టిన మిర్చిలో రంగు పోయి తెల్లబారిన కాయనే తాలు అంటారు, యార్డులో దానికి ధర తక్కువ. ‘ఎర్రటి’ తీసినా అంతే, కళ్లంలో ఎండే మిర్చి ఎర్రగాక ఇంకెలా ఉంటుంది? మార్చడానికీ వీల్లేదు. మొదట్లో నేను ఇక్కడే పొరబడేవాణ్ణి. మార్చలేకపోతున్నామంటే ప్రతీకేనని అనుకునేవాణ్ణి. నిజానికి ఆ రంగును కవి ఎంచుకోలేదు, కాయకే ఉంది.

చిక్కంతా ‘బరువు’ దగ్గర వచ్చింది. ఎండిన కాయ అసలే తేలిక, ఒళ్లో పట్టినన్ని తాలు కాయలు ఏపాటి బరువు? ‘ఒడి నిండింది’ అని మార్చి చదివితే కవిత చప్పబడిపోయింది. ఏరేకొద్దీ తగ్గిపోయే రాబడి ఆ బరువులో ఉంది. మేం రంగుల దగ్గర కొట్టుకుంటుంటే, ప్రతీక నాలుగో పాదంలో కూర్చుంది. అప్పటినుంచి ముందు వస్తువు గురించి తెలిసినవాళ్లను అడుగుతాను. వాస్తవానికి పొసగని మాట ఏదో ఆ తర్వాతే వెతుకుతాను.

ఒకే మాట వర్ణనా ప్రతీకా రెండూ అయ్యే చోటా ఈ పద్ధతి పనికొచ్చింది. జాషువా ‘గబ్బిలం’ (1941)లో అంటరానివాడని గుళ్లోకి రానివ్వని కథానాయకుడు తన గోడు శివుడికి చెప్పమని గబ్బిలాన్ని పంపుతాడు. దాని చోట నలదమయంతుల హంసను పెట్టి చూడండి. హంస గుళ్లో కాపురం ఉండదు. గబ్బిలం నిజంగానే ఉంటుంది, అందుకే దేవుడి చెవిదాకా వెళ్లగలదు. జనం అపశకునమని ఈసడించే ప్రాణికి ఉన్న ప్రవేశం ఆ మనిషికి లేదు. నిజమైన గబ్బిలం కాబట్టే అది ప్రతీక అయింది.

లోపం ఒకటుంది. ఛందోబద్ధ పద్యాల్లో ఈ పద్ధతిని ఒక్కదాన్నే నమ్మకండి. మాట మారిస్తే యతో ప్రాసో చెడుతుంది, చెవికి ఏదో పోయినట్టే ఉంటుంది. అర్థమే పోయిందని నేను చాలాసార్లు భ్రమపడ్డాను. ఇప్పుడు పద్యం దగ్గర ముందు ఆ మాట యతిస్థానంలోగానీ పాదం మొదట్లోగానీ ఉందేమో చూస్తాను. ఉంటే, ఆ భావం పద్యంలో ఇంకోచోట కూడా పలికితే తప్ప ప్రతీక అనను.