మొదటి ఎయిర్ రైఫిల్: స్ప్రింగా, పీసీపీనా?

పద్నాలుగేళ్ల పిల్లకి మొదటి రైఫిల్‌గా స్ప్రింగ్‌తో పేలేది కొనాలా, ముందే గాలి నింపి ఉంచే పీసీపీ కొనాలా అన్నదే ప్రశ్న. రెండూ 4.5 మి.మీ. పెల్లెట్‌వే, గురి 10 మీటర్ల దూరంలోదే. తేడా ట్రిగ్గర్ నొక్కాక తెలుస్తుంది.

స్ప్రింగ్ రైఫిల్‌ను ప్రతి షాట్‌కూ బ్యారెల్ వంచి లోపలి స్ప్రింగ్‌ను బిగించాలి. పెల్లెట్ బ్యారెల్ దాటకముందే లోపలి పిస్టన్ కదిలి రైఫిల్‌ను కుదిపేస్తుంది. అందుకే ముందుచేత్తో ఒకసారి గట్టిగా, ఒకసారి వదులుగా పట్టుకుంటే గుళ్లు వేర్వేరు చోట్ల పడతాయి. తప్పు తనదా, రైఫిల్‌దా అన్నది పద్నాలుగేళ్ల పిల్లకి అర్థం కాదు. తేల్చుకోవాలంటే ముందుచేతిని తెరిచి, రైఫిల్‌ను అరచేతిపై ఊరికే ఆనించి ఐదు షాట్లు కొట్టించండి. గుంపు దగ్గరపడితే పట్టుదే లోపం. ఇంకో జాగ్రత్త: పెల్లెట్ పెట్టేటప్పుడు బ్యారెల్‌ను చేత్తో పట్టుకునే ఉండాలి, వేలు ట్రిగ్గర్ దగ్గరికి పోకూడదు. పొరపాటున బ్యారెల్ మూసుకుంటే వేళ్లు నలుగుతాయి.

పీసీపీలో గాలి ముందే నిండి ఉంటుంది, కుదుపు దాదాపు ఉండదు. గుండు ఎక్కడ పడితే అది పిల్ల చేసిన పనే, నేర్పడం తేలిక. కానీ సుమారు 200 బార్ గాలి నింపడం పెద్దవాళ్ల పనే, పంపు ఖర్చు అదనం. లోపల పెల్లెట్ ఉందో లేదో పైకి కనిపించదు కాబట్టి ప్రతిసారీ బోల్ట్ తెరిచి చూపించాలి.

పక్కన పెద్దవాళ్లు ఉండి నింపిపెట్టగలిగితే నా ఓటు పీసీపీకే. లేదంటే తక్కువ శక్తి ఉన్న, తేలిగ్గా వంగే స్ప్రింగ్ రైఫిల్ తీసుకోండి. ఏదైనా సరే, కంటికి రక్షణ అద్దాలు, టార్గెట్ వెనక పెల్లెట్ ఆపే పెట్టె తప్పనిసరి.