డెస్క్ ఉద్యోగికి ఏ గుణకం మేలు: 1.2, 1.4, 1.55?

ఏ పనీ చేయకుండా పడుకుని ఉన్నా రోజంతా ఒంటికి ఖర్చయ్యే క్యాలరీలే బీఎంఆర్. దాని లెక్క ఎవరు వేసినా దాదాపు ఒకే అంకె వస్తుంది. దాన్ని రోజు మొత్తం ఖర్చుగా, అంటే టీడీఈఈగా మార్చేటప్పుడే తేడాలు మొదలవుతాయి. ఒకే మనిషికి ఒక యాప్ 1980 కిలోక్యాలరీలు చూపిస్తే ఇంకొకటి 2560 చూపిస్తుంది. ఆ తేడా అంతా బీఎంఆర్‌ను హెచ్చించే అంకె, అంటే గుణకం దగ్గరే వస్తుంది.

34 ఏళ్లు, 172 సెంటీమీటర్లు, 74 కిలోలున్న ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని తీసుకుందాం. వారానికి నాలుగు రోజులు 45 నిమిషాలు జిమ్‌లో బరువులు ఎత్తుతాడు. 1990 నాటి మిఫ్లిన్–సెయింట్ జియోర్ సూత్రం ప్రకారం, బరువుకు 10 రెట్లు 740, ఎత్తుకు 6.25 రెట్లు 1075. వీటి మొత్తంలోంచి వయసుకు 5 రెట్లు (170) తీసేసి, మగవారికి 5 కలపాలి. వచ్చేది 1650 కిలోక్యాలరీలు. ఆడవారికైతే చివరి 5 కలపకుండా 161 తీసేయాలి.

ఇంటర్నెట్‌లో తిరిగే పట్టికలో "కూర్చుని చేసే ఉద్యోగం" ఎదుట 1.2 ఉంటుంది. ఇది చాలా తక్కువ. తిన్నది అరగడానికే రోజు ఖర్చులో పదో వంతు దాకా పోతుంది. ఇక స్నానానికి, మెట్లెక్కడానికి, బజారుకు వెళ్లడానికి మిగిలేదేముంది? 1.2 మంచానికో కుర్చీకో పరిమితమైన మనిషికి సరిపోయే అంకె. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫార్సుల్లో శ్రమ తక్కువున్నవారికి తీసుకున్నది 1.4.

1.4 ఎందుకో గంటల లెక్క వేస్తే తెలుస్తుంది. ఒక్కో పనికి బీఎంఆర్‌తో పోల్చి ఎన్ని రెట్లు ఖర్చో వేసి, గంటలతో గుణించాలి. మనవాడికి జిమ్ లేని రోజు ఇది:

నిద్ర: 8 గంటలు × 1.0 = 8
ఆఫీసులో కూర్చోవడం: 9 × 1.5 = 13.5
టీవీ, ఫోన్: 3.5 × 1.4 = 4.9
స్నానం, తయారవడం: 1 × 2.3 = 2.3
బండి నడపడం: 1 × 2.0 = 2
తినడం: 1 × 1.5 = 1.5
నడక: అరగంట × 3.2 = 1.6

మొత్తం 33.8. దీన్ని 24తో భాగిస్తే 1.41. అంటే రోజుకు సుమారు 2325 కిలోక్యాలరీలు.

ఇప్పుడు జిమ్ కలుపుదాం. సెట్ల మధ్య విరామాలతో సహా 45 నిమిషాల బరువుల వ్యాయామాన్ని 5 రెట్లు అనుకుందాం. ఆ సమయం టీవీ ముందు గడిపినా 1.4 ఖర్చయ్యేదే కాబట్టి అదనం 3.6 మాత్రమే. బీఎంఆర్ గంటకు 69 కాబట్టి ఒక్కో సెషన్‌కు సుమారు 185. నాలుగు సెషన్లను ఏడు రోజులకు పంచితే రోజుకు 106 వస్తుంది. మొత్తం దాదాపు 2430, గుణకం 1.47. "వారానికి 3–5 రోజుల వ్యాయామం" అంటూ పట్టిక చూపే 1.55 ఇతనికి ఎక్కువే. మిగతా ఇరవై మూడు గంటల లెక్కను ముప్పావుగంట జిమ్ అంతగా మార్చలేదు.

కాబట్టి వ్యాయామం లేని డెస్క్ ఉద్యోగికి 1.4, ఇతనిలాంటివారికి 1.45–1.5 మేలు. తప్పు గుణకం ఎటు తీసుకున్నా నష్టమే. 1.2తో వచ్చిన 1980 నుంచి 500 తగ్గించి తింటే 1480 మిగులుతుంది, అది బీఎంఆర్ కన్నా తక్కువ. ఆకలి, నీరసం పెరిగి జిమ్‌లో ఎత్తే బరువు కూడా పడిపోతుంది. 1.55తో వచ్చిన 2560 నుంచి 300 తగ్గించుకుంటే అసలు లోటు 170 మాత్రమే. నెలంతా కష్టపడ్డా తూకంలో పెద్దగా కదలిక కనబడదు. ఇంకో పొరపాటు: 1.47లో జిమ్ ఇప్పటికే ఉంది. వాచీ చూపిన 300 మళ్లీ కలుపుకుంటే రెండుసార్లు లెక్కపెట్టినట్టే.

ఇంత జాగ్రత్తపడ్డా సూత్రమే ఒక మనిషికి పది శాతం అటూ ఇటూ తప్పొచ్చు. అంటే 165. మన 1.4కూ 1.47కూ ఉన్న తేడాకన్నా ఎక్కువ. అందుకే ఐదు వారాలు 2430 తింటూ, రోజూ ఉదయం పరగడుపున తూగి, మొదటి, ఐదో వారాల సగటులను పోల్చాలి. 28 రోజుల తేడాలో 0.8 కిలో పెరిగితే, కిలోకు 7700 చొప్పున రోజుకు 220 మిగిలిందన్నమాట. అసలు ఖర్చు 2210, ఇతని నిజమైన గుణకం 1.34.

అయితే గుణకాన్ని దించే ముందు పళ్లెం లెక్క చూసుకోవాలి. కూరలో పోసిన నూనె పెద్ద చెంచాకు 120 చొప్పున రాశారా? బియ్యాన్ని వండకముందు తూచి అన్నం పేరు మీద రాశారా? బియ్యం వంద గ్రాములకు 350 దాకా ఉంటుంది, అన్నం వంద గ్రాములకు 130 చుట్టూ. రెండు చెంచాల నూనె లెక్కలో పడకపోతే చాలు, పైన వచ్చిన ఆ 220 అదే కావచ్చు.