‘బాగుందా’ అని అడగని ఉత్తరం: రెండేళ్ల వాడకం తరువాత

గుంటూరులో ఇంటి దగ్గరే పచ్చళ్లు పెట్టి కొరియర్‌లో పంపుతుంటాను. నెలకు నలభై, యాభై పార్సెళ్లు వెళ్తాయి. సరుకు చేరాక కొన్నవారికి పంపే చిన్న ఈమెయిల్ ఒకటి రెండేళ్లుగా వాడుతున్నాను. అందులో ఉన్నది ఒకే ఒక ప్రశ్న. ఆ ప్రశ్న మీద నాకు ఎంత మమకారం ఏర్పడిందంటే, ఇంట్లో వాళ్లు నవ్వుతారు. అయినా ఒకసారి అదే నా పరువు తీసింది. అదీ చెబుతాను.

అంతకు ముందు అందరిలాగే నేనూ నక్షత్రాలు, పది ప్రశ్నలు ఉన్న ఫారం లింకు పంపేదాన్ని. పైన ‘మీ అభిప్రాయం మాకు ఎంతో విలువైనది’ అని ఉండేది. నెలంతా కలిపి రెండో మూడో జవాబులు వచ్చేవి. అవి కూడా ‘బాగుంది’ అనే ఒక్క మాటే.

విజయవాడలో బ్యాంకు కౌంటరులో పనిచేసే మా తోడికోడలు అది చూసి, ‘అక్కా, పెళ్లిలో భోజనం ఎలా ఉందని అడిగితే ఎవరైనా బాగోలేదంటారా? రుచి గురించి అడిగితే మొహమాటమే జవాబు చెబుతుంది. కంటికి కనిపించేది ఏదైనా అడుగు’ అంది. ఇద్దరం కూర్చుని రాసిన ఉత్తరం ఇది:

విషయం: మీ ఆవకాయ సీసా గురించి ఒక్క ప్రశ్న

‘నమస్కారమండీ. గుంటూరు నుంచి మీ ఆవకాయ పంపింది నేనే. పెట్టె విప్పినప్పుడు మూత దగ్గర నూనె కారి ఉందా? ఈ ఉత్తరానికే జవాబుగా ఒక్క మాట రాస్తే చాలు. నేనే చదువుతాను.’

కింద నా పేరు. అంతే. బొమ్మ లేదు, లింకు లేదు, తగ్గింపు కూపను లేదు. పంపే చిరునామా కూడా జవాబులు స్వీకరించనిది కాదు, నేను రోజూ తెరిచేదే. విషయం వరుసలో ‘మీ ఆవకాయ’ను ముందు పెట్టమన్నది కూడా మా తోడికోడలే. ఫోనులో మొదటి నాలుగైదు మాటలే కనబడతాయి కదా, అక్కడ ‘అభిప్రాయం’ అని కనిపిస్తే వేలు పక్కకు తోసేస్తుందట.

మొదటి నెలలోనే పదిహేను జవాబులు వచ్చాయి. నా ఆనందానికి కారణం ఆ లెక్క కాదు, వాటిలో ఉన్న సంగతి. అది మే నెల. ‘కొంచెం తడిగా ఉంది, తుడిచేశాము’, ‘అట్టపెట్టె అడుగున మరక’, ‘పర్వాలేదు, కొద్దిగానే’ అని ఐదుగురు రాశారు. వాళ్లలో ఒక్కరూ అంతకు ముందు ఫిర్యాదు చేసినవారు కారు. అడగకపోతే చెప్పేవారూ కారు.

నేను మొదట నమ్మలేదు. ఒక సీసాను బోర్లించి, కింద పాత దినపత్రిక పరచి రాత్రంతా ఉంచాను. తెల్లారి చూస్తే చుక్క లేదు. దారిలో ఎక్కడో విసిరేసి ఉంటారని కొరియర్ వారి మీదకు నెట్టేశాను. కానీ జవాబులన్నీ ఒక నోటుపుస్తకంలో ఊరి పేరుతో సహా రాసుకుంటూ ఉండటం మేలు చేసింది. కారినవన్నీ ఢిల్లీ, పుణె, కోల్‌కతా. హైదరాబాదు, బెంగళూరు వెళ్లినవి ఒక్కటీ కారలేదు. దూరం వల్లనేమో అనుకున్నాను. కొరియర్ కుర్రవాణ్ని అడిగితే, ఆ మూడు ఊళ్లకూ విమానంలో వెళ్తాయని, మిగతావి లారీలోనే వెళ్తాయని చెప్పాడు.

అప్పుడు అర్థమైంది. విమానం పైకి లేచాక లోపల గాలి ఒత్తిడి నేల మీద ఉన్నంత ఉండదు. మనం ఇక్కడ మూత బిగించినప్పుడు సీసాలో చిక్కుకున్న గాలి అక్కడ ఉబ్బి బయటికి తోసుకొస్తుంది. సీసా పక్కకు ఒరిగి ఉంటే మూత దగ్గర ఉన్నది నూనే కాబట్టి, ముందు అదే బయటపడుతుంది. నా వంటింట్లో బోర్లించి ఉంచితే కారకపోవడంలో వింత లేదు. చేత్తో బిగించిన మూత ఇంట్లో సరిపోతుంది, ఆకాశంలో సరిపోదు. మూత కింద సీసా నోటికి అల్యూమినియం రేకు అతికించే చిన్న చేతి యంత్రం కొన్నాను. రేకు అంటుకోవాలంటే సీసా అంచు మీద నూనె ఉండకూడదు, కాబట్టి పొడిగుడ్డతో తుడిచే పని ఒకటి అదనంగా చేరింది. తరువాతి నెలల్లో ఢిల్లీ నుంచి కూడా ‘లేదండీ’ అనే జవాబులు మొదలయ్యాయి.

ఆ ‘లేదు’ దగ్గరే దెబ్బతిన్నాను.

ఒకాయన రెండక్షరాల జవాబు రాశారు: ‘లేదు’. నూనె కారలేదన్నమాట అనుకుని, ‘చాలా సంతోషమండీ, మళ్లీ గోంగూర కూడా రుచి చూడండి’ అని రాశాను. గంటలో ఫోను. ‘పార్సెలే రాలేదమ్మా అని నేనంటే, మీరు సంతోషం అంటారేమిటి?’ కొరియర్ లెక్కలో మూడు రోజుల కిందటే అందినట్టు ఉంది. నిజానికి పెట్టె వాళ్ల అపార్ట్‌మెంటు కాపలాదారు గదిలో బియ్యం బస్తా వెనుక ఉంది. పెట్టె దొరికింది కానీ ఆయన మళ్లీ నా దగ్గర కొనలేదు.

తప్పు ఆయనది కాదు, ప్రశ్నదే. ‘కారిందా’ అంటే ‘లేదు’ అనడానికి రెండు అర్థాలు ఉండవచ్చని రాసేటప్పుడు తట్టలేదు. ఇంకో లోపం కూడా అప్పుడే కనిపించింది. ‘కారింది’ అని రాయాలంటే ఎంత లేదన్నా ఫిర్యాదు చేసినట్టే. నేను పొగిడిన ఆ ప్రశ్నలోనూ మొహమాటం కొంత మిగిలే ఉంది. కాబట్టి మొదటి నెలలో ఐదుగురు చెప్పారంటే కారినవి ఐదే అని ఇప్పుడు గట్టిగా అనలేను.

ఇప్పుడు ఇలా పంపుతున్నాను: ‘మీ పెట్టె సోమవారం చేరినట్టు కొరియర్ వారు చెప్పారు. విప్పినప్పుడు సీసా పొడిగా ఉందా, నూనె అంటిందా? పొడి, నూనె, రాలేదు – మూడింటిలో ఒక్క మాట రాయండి.’ మూడు మాటలూ సమానంగా ఉంటాయి, ఏది రాసినా ఎవరినీ నొప్పించినట్టు ఉండదు. అందిందని లెక్కలో పడిన రోజే పంపడం మానేశాను. రెండు రోజులు ఆగితే పెట్టె విప్పి ఉంటారు. అంతకన్నా ఆలస్యమైతే మూత ఎలా ఉందో ఎవరికీ గుర్తుండదు.

మధ్యలో ఒక నెల ఆశకు పోయి, జవాబిస్తే యాభై రూపాయల తగ్గింపు అని చేర్చాను. జవాబులు రెట్టింపయ్యాయి, అన్నీ ‘పొడి’, ‘పొడి’, ‘పొడి’. వాటిని నోటుపుస్తకంలో ఎక్కించబుద్ధి కాలేదు.

ఇది అందరికీ పనికొస్తుందని చెప్పలేను. నావి నెలకు యాభై పెట్టెలు, ప్రతి జవాబూ నేనే చదివి తిరిగి ఒక వాక్యం రాయగలను. వందల్లో పంపేవారు ‘నేనే చదువుతాను’ అని రాసి చదవకపోతే అబద్ధమాడినట్టవుతుంది. పైగా నా కొనుగోలుదారుల్లో పెద్దవాళ్లు ఈమెయిలే తెరవరు, వాళ్ల సంగతులు ఇప్పటికీ ఫోనులోనే తెలుస్తాయి. రేకు వచ్చాక ఈ ప్రశ్నకు పదును కూడా తగ్గింది. వరసగా ‘పొడి’ వస్తుంటే ఇక కొత్తగా తెలిసేదేమీ లేదు, ఈ వేసవికి దేని గురించి అడగాలా అని ఆలోచిస్తున్నాను.

మొన్న పుణె నుంచి ఒకావిడ ఒక్క మాట రాయమంటే మూడు రాశారు: ‘పొడి. ఉప్పు ఎక్కువ.’