లైట్ల వరుస వేయగానే ఎంసీబీ పడుతోందా? పెద్ద ఎంసీబీ, డి రకం, రెండు లైన్లు: ఏది మేలు?

గుంటూరు మిర్చి గోదాముల్లో, విజయవాడ ఆటోనగర్ షెడ్లలో పాత చోకు ట్యూబులు తీసేసి ఎల్‌ఈడీ హైబే లైట్లు బిగించాక ఎక్కువగా వినబడే ఫిర్యాదు ఒకటుంది. విడివిడిగా చూస్తే ప్రతి లైటూ బాగానే వెలుగుతుంది. వరుస మొత్తానికి ఉన్న స్విచ్ నొక్కగానే మాత్రం ఎంసీబీ టక్కున పడిపోతుంది. "తక్కువ కరెంటు తాగే లైట్లన్నావు కదా బాబూ, మరి ఇదేంటి?" అని యజమాని అడుగుతాడు. "10 తీసేసి 16 వేసేద్దామండీ, సరిపోద్ది" అంటాడు ఎలక్ట్రీషియన్. పని అప్పటికి జరిగిపోతుంది కానీ, నా లెక్కలో ఉన్న దారులన్నిటిలో అదే అధ్వానమైనది. ఎందుకో ఒక వరుస లెక్క వేసి చూద్దాం.

మిర్చి బస్తాలు నిలవ చేసే ఒక గోదాము అనుకోండి. ఒకే వరుసలో 100 వాట్ల హైబే లైట్లు 12 ఉన్నాయి. బోర్డు నుంచి చివరి లైటుకు 40 మీటర్ల దూరం. తీగ 1.5 చదరపు మిల్లీమీటర్ల రాగిది. ఎంసీబీ బి రకం, 10 ఆంపియర్లది. అన్నీ వెలుగుతున్నప్పుడు వరుస తీసుకునేది దాదాపు ఐదున్నర ఆంపియర్లు, అంటే ఎంసీబీ మీద పడే లోడు సగానికి కాస్త ఎక్కువ. ఓవర్‌లోడు అనే మాటే ఇక్కడ లేదు.

తంటా అంతా వెలగడానికి ముందు క్షణంలో ఉంది. ప్రతి ఎల్‌ఈడీ లైటులో ఒక డ్రైవర్ ఉంటుంది. అది ఏసీని డీసీగా మార్చుకుని, ఒక పెద్ద కెపాసిటర్‌లో నింపుకుని వాడుకుంటుంది. లైటు ఆరి ఉన్నప్పుడు ఆ కెపాసిటర్ ఖాళీ. 230 వోల్టుల సరఫరా నిజానికి ప్రతి అలలోనూ 325 వోల్టుల దాకా ఎక్కి దిగుతుంది. సరిగ్గా ఆ శిఖరం దగ్గర స్విచ్ కలిసిందంటే, ఎండిన పంట కాలవకు షట్టరు ఒక్కసారిగా పూర్తిగా ఎత్తినప్పుడు మొదటి నీళ్లు ఉరికినట్టు కరెంటు ఉరుకుతుంది. దీన్నే ఇన్‌రష్ కరెంటు అంటారు. ఈ వాటేజి డ్రైవర్ ఒక్కటే 50 ఆంపియర్ల దాకా లాగడం అరుదేమీ కాదు. అయితే అది సెకనులో వెయ్యో వంతుకన్నా తక్కువ సేపే ఉంటుంది. 12 డ్రైవర్లూ ఒకే స్విచ్ మీద ఉంటే 12 ఖాళీ కెపాసిటర్లూ ఒకే క్షణంలో లాగుతాయి. తీగ నిరోధం కొంత అడ్డుపడినా, ఎంసీబీ దాటేది వందల ఆంపియర్లే. పాత చోకు ట్యూబులకు ఈ గొడవ లేదు. చోకు కరెంటును ఒక్కసారిగా ఎగరనివ్వదు.

ఎంసీబీలో రెండు కాపలాలున్నాయి. ఒకటి వేడికి వంగే లోహపు పట్టీ, ఇది ఓవర్‌లోడు కోసం. నిమిషాలు తీసుకుంటుంది. రెండోది అయస్కాంతపు చుట్ట, షార్ట్ సర్క్యూట్ కోసం. ఇది క్షణంలో లాగేస్తుంది. ఎంసీబీ మీద అంకె ముందు ఉండే అక్షరం ఈ చుట్ట ఎంత కరెంటుకు కదులుతుందో చెబుతుంది. బి రకం తన అంకెకు 3 నుంచి 5 రెట్ల మధ్య, సి రకం 5 నుంచి 10 రెట్ల మధ్య, డి రకం 10 నుంచి 20 రెట్ల మధ్య కదులుతుంది. మన బి రకం 10 ఆంపియర్లది 50 దాటితే కచ్చితంగా పడాలి. ఇన్‌రష్ మరీ చిన్న దెబ్బ కాబట్టి చుట్ట కొంత ఓర్చుకుంటుంది. కానీ 12 లైట్లు కలిస్తే ఆ ఓర్పూ చాలదు.

మందు వేసే ముందు జబ్బు ఇదేనా అని తేల్చుకోవాలి. ఇన్‌రష్ అయితే ఎంసీబీ ప్రతిసారీ పడదు. నాలుగుసార్లు వేస్తే ఒకసారి నిలబడుతుంది, ఎందుకంటే స్విచ్ కలిసినప్పుడు ఏసీ అల ఎక్కడుందన్నది మన చేతిలో లేదు. ఒకసారి నిలబడితే ఇక రోజంతా నిలబడుతుంది. పడిన వెంటనే మళ్లీ వేస్తే నిలబడటం కూడా ఒక గుర్తు, అప్పటికి కెపాసిటర్లలో ఎంతో కొంత మిగిలి ఉంటుంది. మెయిన్ ఆపి సగం లైట్ల తీగ విప్పేసి చూడండి. ఏ సగం ఉంచినా నిలబడి, రెండూ కలిపితే పడుతోందంటే అది ఇన్‌రష్. ఒక సగంతోనే ప్రతిసారీ పడితే ఆ సగంలో ఎక్కడో తీగ నలిగింది, లేదా ఒక డ్రైవర్ షార్ట్ అయింది. అరగంట వెలిగాక పడితే అది ఓవర్‌లోడో, వదులు స్క్రూ దగ్గరి వేడో అయి ఉంటుంది. పడుతున్నది ఎంసీబీ కాకుండా ఆర్‌సీసీబీ అయితే దారి వేరు, అది ఎర్త్‌లోకి లీకయ్యే కరెంటుకు సంబంధించినది. కింద చెప్పేవేవీ దానికి పనిచేయవు.

ఇప్పుడు దారులు. వాటిని తూచడానికి ఒక అంకె కావాలి. మంచి డ్రైవర్ల వివరాల కాగితం మీద "16 ఆంపియర్ల బి రకం ఎంసీబీకి గరిష్ఠంగా ఇన్ని" అని రాసి ఉంటుంది. మన లైటుకు అది 8 అనుకుందాం. డ్రైవర్ తయారీదార్లు వాడే లెక్క ప్రకారం అదే డ్రైవర్లు బి రకం 10 మీద 5, సి రకం 10 మీద 8, సి రకం 16 మీద 13, డి రకం 10 మీద 16 దాకా నిలబడతాయి. మన వరుసలో ఉన్నవి 12. బి రకం 10 ఎందుకు పడుతోందో ఇక చెప్పక్కర్లేదు. సి రకం 10కి మార్చినా చాలదు.

ఎలక్ట్రీషియన్ చెప్పిన 16 సి రకమైతే 13 లైట్ల దాకా ఓర్చుకుంటుంది, అంటే మన 12 నిలబడతాయి. అందుకే ఆ సలహా పనిచేసినట్టు కనిపిస్తుంది. కానీ ఎంసీబీ ఉన్నది లైట్ల కోసం కాదు, గోడలోనూ పైపులోనూ ఉన్న తీగ కోసం. 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగను రేకుల కప్పు కింద పైపులో, గుంటూరు మే నెల వేడిలో పెడితే అది భద్రంగా మోసే కరెంటు బాగా తగ్గిపోతుంది. రేపు ఎవరో అదే లైను నుంచి ఒక ఫ్యానుకో తూకం మిషనుకో కనెక్షన్ తీస్తే, 14, 15 ఆంపియర్లు గంటల తరబడి పోతున్నా ఆ 16 కదలదు. తీగ మీది పీవీసీ మెత్తబడుతుంది. కింద ఉన్నవి ఎండుమిర్చి బస్తాలు. తీగను 2.5కు మార్చకుండా అంకె పెంచడానికి నేను ఒప్పుకోను.

డి రకం 10 అంతకన్నా నయం. అంకె పెరగలేదు కాబట్టి ఓవర్‌లోడు నుంచి తీగకు కాపలా అలాగే ఉంటుంది. 16 దాకా నిలబడుతుంది, మనకు 12 చాలు, మార్చాల్సింది ఒక్క ఎంసీబీ. కొందరు ఇక్కడే ఆగిపోతారు. చిక్కు వరుస చివర్లో ఉంది. డి రకం షార్ట్‌కు వెంటనే పడాలంటే 10కి 20 రెట్లు, అంటే 200 ఆంపియర్లు పారగలగాలి. 1.5 రాగి తీగకు కిలోమీటరుకు దాదాపు 12.1 ఓములు. 40 మీటర్లు వెళ్లి రావడానికి 80 మీటర్లు, అంటే 0.97 ఓము. బోర్డు దాకా వచ్చే సరఫరా తీగలకు ఇంకో 0.3 ఓము వేసుకుంటే, చివరి లైటు దగ్గర ఫేజు, న్యూట్రల్ కలిసినప్పుడు పారేది 180 ఆంపియర్ల చుట్టుపక్కలే. 200 అందలేదు. వెంటనే పడుతుందన్న హామీ పోయింది, ఇక వేడి పట్టీ వంగేదాకా ఆగాలి. సి రకానికి 100 చాలు, అది నిస్సందేహంగా అందుతుంది. అందుకే వరుస పొట్టిగా ఉంటేనో, తీగ లావుగా ఉంటేనో మాత్రమే డి రకం అంటాను. అదీ చివరి పాయింటు దగ్గర లూప్ ఇంపిడెన్స్ మీటరుతో కొలిచాక.

డి రకంతో పోని ఇంకో నష్టం చాలామంది గమనించరు. ఎంసీబీ పడటం మానేసింది కానీ ఇన్‌రష్ తగ్గలేదు. ఆ వందల ఆంపియర్లు ఇంకా అదే స్విచ్ గుండానే దూకుతున్నాయి. కొన్నాళ్లకు కాంటాక్టులు కాలి అతుక్కుంటాయి, స్విచ్ ఆపినా లైట్లు ఆరవు. టైమర్ రిలేలలో ఇది మరీ ఎక్కువ.

రెండు లైన్లుగా విడగొట్టడం ఈ రెండు బాధలనూ తీరుస్తుంది. ఆరేసి లైట్లు, ఒక్కో లైనుకు సి రకం 10 ఎంసీబీ, ఒక్కో స్విచ్. సి రకం 10 మీద 8 దాకా నిలబడతాయి, మనవి 6, కాబట్టి పావు వంతు వెసులుబాటు మిగులుతుంది. స్విచ్ మీద పడే దెబ్బ కూడా బాగా తగ్గుతుంది. ఒక లైను పడినా గోదాములో సగం వెలుతురు ఉంటుంది. ఖర్చు ఒక ఎంసీబీ, ఒక స్విచ్, కొన్ని మీటర్ల తీగ, ఒక పూట కూలి. బోర్డులో ఖాళీ ఉంటే నా ఓటు దీనికే. ఒక్క షరతు: ఒకే ఎంసీబీ ఉంచి స్విచ్‌లు మాత్రం రెండు చేస్తే చాలదు. మనిషి ఒకదాని తర్వాత ఒకటి వేస్తాడు, బాగానే ఉంటుంది. కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం రెండు స్విచ్‌లూ వేసే ఉంటాయి, 12 డ్రైవర్లూ మళ్లీ ఒక్కసారే లాగుతాయి.

తీగ మళ్లీ లాగడం కుదరని చోట, ఉదాహరణకు ఫాల్స్ సీలింగ్ పూర్తయిన బట్టల షాపులో, ఇన్‌రష్ లిమిటర్ పనికొస్తుంది. బోర్డులో ఎంసీబీ పక్కన కూర్చునే చిన్న పెట్టె అది. మొదటి క్షణం కరెంటును ఒక రెసిస్టరు గుండా పంపి, కెపాసిటర్లు నిండాక లోపలి రిలేతో దాన్ని పక్కకు తప్పిస్తుంది. స్విచ్‌కూ ఎంసీబీకీ రెండింటికీ ఉపశమనం. రిలే లేకుండా ఎన్‌టీసీ అనే వేడికి నిరోధం తగ్గే ముక్కతో చేసినవి చౌకగా దొరుకుతాయి. అవి చల్లగా ఉన్నప్పుడే ఆపగలవు. లైట్లు గంట వెలిగి, కరెంటు రెండు సెకన్లు పోయి వస్తే ఎన్‌టీసీ ఇంకా వేడిగానే ఉంటుంది, కెపాసిటర్లు మాత్రం చాలావరకు ఖాళీ. ఎంసీబీ మళ్లీ పడుతుంది. కరెంటు ఇలా మినుకుమినుకుమనే చోట రిలే ఉన్నదే కొనాలి.

డ్రైవర్ కాగితమే లేని చౌక లైట్లైతే అంకెను మీరే కనిపెట్టాలి. సి రకం 10 మీద కొన్ని లైట్లు కలిపి, చల్లారాక పదిసార్లు వేసి ఆపి చూడండి. ఒక్కసారి పడినా సంఖ్య తగ్గించండి. పదిసార్లూ నిలబడిన సంఖ్యలో ముప్పావు వంతే ఒక లైనుకు ఉంచండి. పని పూర్తయ్యాక లైట్లు గంటసేపు వెలగనిచ్చి, మెయిన్ ఆపి రెండు మూడు సెకన్లకు మళ్లీ వేయండి. ఆ పరీక్ష కూడా నాలుగైదుసార్లు చేసి, ఏ ఎంసీబీ కదలకపోతేనే నిచ్చెన దించండి.