టైల్స్ పని బాగాలేదని కాంట్రాక్టర్‌కు రాసే మెయిల్: కోపంతోనా, కొలతలతోనా? ఏది మేలు?

మా బాత్రూమ్ నేలకు కొత్త టైల్స్ వేయించిన తరువాత మొదటి రోజే నీళ్లు జాలీ వైపు పోకుండా తలుపు దగ్గర నిలిచిపోయాయి. ఆ రాత్రే కాంట్రాక్టర్ గారికి ఇలా రాశాను: “మమ్మల్ని నిండా ముంచారు. ఇంత చెత్త పని ఎక్కడా చూడలేదు. ఒక్క రూపాయి కూడా ఇవ్వను, కోర్టులోనే తేల్చుకుందాం.” అది పంపలేదు. మర్నాడు రాసిన దానితో పోల్చి చూస్తే, తేడా మర్యాదలో కన్నా సమాచారంలోనే ఎక్కువగా ఉంది.

“చెత్త పని” అన్నదానికి “అందరికీ ఇలాగే వేస్తాం” అనే ఒక్క మాట జవాబుగా సరిపోతుంది. అందుకే రెండో మెయిల్‌కు ముందు నేలలోని 48 టైల్స్‌నూ నాణెంతో తట్టి చూశాను. 11 టైల్స్ అంచుల దగ్గర బోలుగా మోగాయి, అంటే వాటి కింద సిమెంటు మాలు పూర్తిగా పరచుకోలేదు, బరువు పడితే మూలలు విరగవచ్చు. తరువాత ఒక బకెట్ నీళ్లు పోసి, అరగంటకు ఫొటో తీసి, రసమట్టం పెట్టి వాలు ఎటు ఉందో చూశాను.

“బాత్రూమ్ నేలలో 11 టైల్స్ బోలుగా మోగుతున్నాయి, వాటిపై గుర్తులు పెట్టిన ఫొటోలు జతచేశాను. నీరు పోవడానికి మీటరుకు కనీసం 10 మిల్లీమీటర్ల వాలు జాలీ వైపు ఉండాల్సింది, తలుపు వైపు ఉంది. ఈ స్థితిలో నేల పనిని అంగీకరించలేను. ఏడు రోజుల్లోగా వచ్చి చూసి, లోపమున్న భాగాన్ని తీసి, వాలు సరిచేసి, మీ ఖర్చుతో తిరిగి వేయగలరు. గోడల పని బాగుంది. నేల సరిచేసిన తరువాత మిగిలిన మొత్తం చెల్లిస్తాను.”

కోపపు మెయిల్‌కు ఒక బలం ఉంది: విషయం తీవ్రమైనదని అది దాచదు. అందుకే “అంగీకరించలేను” అన్న మాటను మెత్తబరచలేదు. “వీలున్నప్పుడు ఒకసారి చూడగలరా” అని రాసి ఉంటే గడువు అంటూ ఏదీ ఉండేది కాదు. అయితే “ఒక్క రూపాయి ఇవ్వను” అనడం, బాగా జరిగిన గోడల పనికి కూడా డబ్బు ఎగ్గొడుతున్నామని అవతలివారు చెప్పుకునే అవకాశమిస్తుంది. బకాయిని మరమ్మతుతో ముడిపెట్టడమే నాకు న్యాయంగా తోచింది, కాని ఎంత ఆపవచ్చో ఒప్పందంలో రాసుకున్న షరతులను చూసుకోవాలి. కోర్టు మాట మొదటి మెయిల్‌లో అవసరం లేదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద ఫిర్యాదుకు సాధారణంగా రెండేళ్ల గడువు ఉంటుంది, అప్పుడు తేదీతో ఉన్న ఈ మెయిలే పనికొస్తుంది. కాంట్రాక్టర్ వచ్చి చూసేవరకు మాత్రం ఒక్క టైలు కూడా మనం ఊడదీయకూడదు, ఎందుకంటే అది మన చేతుల్లోనే పగిలిందని ఆయన అనవచ్చు.