గేట్‌కి కోచింగా, సొంత చదువా: మారతహళ్లిలో ఉద్యోగం చేస్తూ రెండూ వాడి చూశాక

గేట్ కంప్యూటర్ సైన్స్ పేపర్‌కి ఒక ఏడాది పూర్తిగా శని, ఆదివారాల కోచింగ్ బ్యాచ్‌ని నమ్ముకుని చదివాను. తర్వాతి ఏడాది రెండు మూడు సబ్జెక్టులకి మాత్రం క్లాసుకి వెళ్లి, మిగతావన్నీ గదిలోనే కానిచ్చాను. ఉద్యోగం అదే, బెంగళూరు మారతహళ్లిలో గది అదే, ఆంధ్రా మెస్సు సాంబారు కూడా అదే. మారింది వారంలోని గంటల్ని ఎలా పంచుకున్నానన్నది మాత్రమే. కాబట్టి రెండు పద్ధతుల్నీ పక్కపక్కన పెట్టి చెప్పగలను.

నా తీర్పు ముందే చెప్పేస్తాను. ఉద్యోగం చేసేవాళ్లకి క్లాసు, దాని ప్రయాణం కలిపి వారం గంటల్లో మూడో వంతు దాటకూడదు. దాటితే క్లాసులు అయిపోతాయి గానీ చదువు అవ్వదు. కాలేజీ అయిపోయి రోజంతా ఖాళీగా ఉన్నవాళ్లకి ఈ లెక్క వర్తించదు, వాళ్ల సంగతి తర్వాత చెబుతాను.

ముందు గంటల లెక్క చూద్దాం. పొద్దున్నే లేచి ఆఫీసు క్యాబ్ వచ్చేలోపు రెండు గంటలు, అలా ఐదు రోజులకి పది. శని, ఆదివారాలు గట్టిగా కూర్చుంటే రోజుకి పది చొప్పున ఇరవై. మొత్తం వారానికి 30 గంటలు. బెంగళూరులో ఐటీ ఉద్యోగి దగ్గర ఇంతకంటే ఎక్కువ ఉండడం కష్టం. ఉందని చెప్పేవాళ్లు బట్టలు ఎప్పుడు ఉతుక్కుంటారో నాకైతే తెలియదు.

మొదటి ఏడాది బ్యాచ్ జయనగర్ వైపు. రోజుకి ఆరు గంటల క్లాసు, రెండు రోజులకి 12. రింగ్ రోడ్డు మీద బస్సు, సిల్క్ బోర్డు దగ్గర పడిగాపులు, ఇవన్నీ కలిపి రానూపోనూ రోజుకి మూడు గంటలు. అంటే 18 గంటలు అక్కడే పోయాయి, మిగిలింది 12. గేట్‌లో ఒక గంట క్లాసు విన్నదాన్ని లెక్కలు చేసి ఒంట పట్టించుకోవాలంటే తక్కువలో తక్కువ గంటన్నర కూర్చోవాలి. ఇది నా అనుభవంలో తేలిన సంఖ్య. 12 గంటల క్లాసుకి 18 గంటల సాధన కావాలి, చేతిలో ఉన్నది 12. వారానికి ఆరు గంటల బాకీ. నాలుగు వారాలకి 24 గంటలు. అంటే డిజిటల్ లాజిక్ లాంటి చిన్న సబ్జెక్టు ఒకటి మొత్తం వెనకపడిపోయినట్టే. సారు మాత్రం తన వేగంతో తర్వాతి సబ్జెక్టులోకి వెళ్లిపోతారు. అందులో ఆయన తప్పేమీ లేదు, సిలబస్ పూర్తిచేయడం ఆయన పని.

ఈ బాకీ పైకి కనబడదు, అదే అసలు ఇబ్బంది. నోట్సు అందంగా నిండుతూనే ఉంటుంది. క్లాసులో బోర్డు మీద లెక్క సాఫీగా నడుస్తుంటే మనకీ వచ్చేసినట్టే ఉంటుంది. నేను రికార్డింగ్ చూస్తుంటే నంద్యాల నుంచి వచ్చిన రూమ్మేట్ ఒకసారి అడిగాడు, "అన్నా, పెన్ను పట్టుకోకుండా చూస్తున్నావు, ఇది క్లాసా సినిమానా?" అని.

ఒక లెక్కతో చెబితే స్పష్టంగా తెలుస్తుంది. కంప్యూటర్ ఆర్గనైజేషన్‌లో కాష్ మీద ప్రశ్న దాదాపు ప్రతి ఏడాదీ ఏదో రూపంలో తగులుతుంది. కాష్ సైజు 32 కేబీ, బ్లాక్ 64 బైట్లు, 4-వే సెట్ అసోసియేటివ్, అడ్రసు 32 బిట్లు అనుకుందాం. 32 కేబీని 64తో భాగిస్తే 512 బ్లాకులు. సెట్‌కి నాలుగు చొప్పున 128 సెట్లు. ఆఫ్‌సెట్‌కి 6 బిట్లు, సెట్ నంబరుకి 7, మిగిలిన 19 ట్యాగ్. క్లాసులో ఇక్కడిదాకా అందరికీ వస్తుంది. ఇప్పుడు ట్యాగ్‌లు దాచుకోవడానికి మొత్తం ఎన్ని బిట్లు కావాలని అడిగితే, ఒంటరిగా కూర్చున్నప్పుడు చెయ్యి ఆగిపోతుంది. 19ని దేనితో గుణించాలి, 128తోనా, 512తోనా? ఒక సెట్‌లో నాలుగు బ్లాకులుంటే ఏ బ్లాకు ట్యాగ్ దానిదే కాబట్టి 512తోనే గుణించాలి. జవాబు 9,728 బిట్లు. ప్రశ్నలో బ్లాకుకి ఒక వాలిడ్ బిట్, ఒక డర్టీ బిట్ కూడా లెక్కపెట్టమంటే 21ని 512తో గుణించి 10,752. సెట్లతో గుణించినవాళ్లకి 2,432 వస్తుంది. న్యూమరికల్ ఆన్సర్ ప్రశ్నలో ఆప్షన్లు ఉండవు, స్క్రీన్ మీది కీప్యాడ్‌తో అంకె కొట్టాలి. తప్పు జవాబుని అనుమానించడానికి అక్కడ ఏ ఆధారమూ దొరకదు. ఈ రకం ప్రశ్నలకి నెగటివ్ మార్కులు లేకపోవడం ఒక్కటే ఊరట.

ఆ ఆగిపోయే చోటు క్లాసులో రాదు. ఎందుకంటే మనం ఆగేలోపు సారు తర్వాతి లైను రాసేస్తారు.

కోచింగ్ ఏ సబ్జెక్టుకి కావాలో, దేనికి అక్కర్లేదో తేల్చుకోవడానికి రెండో ఏడాది నేను వాడిన పద్ధతి ఇది. సబ్జెక్టు మొదలుపెట్టకముందే దాని పాత గేట్ ప్రశ్నలు ఓ పదిహేను తీసుకుని, నోట్సు చూడకుండా చేసేవాణ్ణి. చేయలేని ప్రతి ప్రశ్న పక్కనా ఒక అక్షరం: అసలు విషయమే తెలియకపోతే "తె", విషయం తెలిసీ ఎక్కడ మొదలెట్టాలో తోచకపోతే "మొ", దారి సరైనదే గానీ లెక్క తప్పితే "లె". సగానికి పైగా "తె" పడిన సబ్జెక్టుకే క్లాసు. "మొ" ఎక్కువుంటే క్లాసు వల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, మరిన్ని ప్రశ్నలు చేయడమే మందు. "లె" అయితే టైమర్ పెట్టుకుని చేయాలి.

నాకు తేలింది ఇలా ఉంది. థియరీ ఆఫ్ కంప్యుటేషన్‌లో దాదాపు అన్నీ "తె". ఒక భాష రెగ్యులరా కాదా అన్నదాకా పుస్తకంతో లాగొచ్చు గానీ, డిసైడబిలిటీ దగ్గరికొచ్చేసరికి ఎదురుగా ఒకరు నిలబడి చెబితే తప్ప నాకు ఎక్కలేదు. కంపైలర్స్, కంప్యూటర్ ఆర్గనైజేషన్ కూడా క్లాసు లిస్టులోకే వెళ్లాయి. సి ప్రోగ్రామింగ్, డేటా స్ట్రక్చర్స్, డేటాబేస్‌లలో మాత్రం అంతా "మొ", "లె"లే. రోజూ ఆఫీసులో ఎస్‌క్యూఎల్ రాసేవాడికి జాయిన్ అంటే ఏమిటో ఆరు గంటలు చెప్పించుకోవడం దండగ. అయితే నార్మల్ ఫారమ్స్ ఆఫీసు పని వల్ల రావు, వాటికి మళ్లీ కూర్చోవాల్సిందే. మీరు ఈసీఈ నుంచి వచ్చారనుకోండి, ఈ జాబితా చాలావరకు తలకిందులవుతుంది, డిజిటల్ లాజిక్‌కి మీకు క్లాసు అవసరమే ఉండదు. అందుకే ఇంకొకరి జాబితా తెచ్చుకుని లాభం లేదు.

రెండో ఏడాది వారం ఇలా పంచాను. ఆదివారం ఒక్కరోజే ఆరు గంటల క్లాసు, ప్రయాణం మూడు, మొత్తం తొమ్మిది. ఆ క్లాసుకి సాధన తొమ్మిది గంటలు, అందులో దాదాపు సగం సోమ, మంగళవారాల్లోనే, వేడి చల్లారకముందే. సొంత సబ్జెక్టుకి ఇంకో తొమ్మిది. మిగిలిన మూడు గంటలు శనివారం సాయంత్రం: రెండు వారాల కిందట విన్న పాఠం నుంచి పది పాత ప్రశ్నలు, తర్వాత వాటి పోస్టుమార్టం. సందేహం మిగిలితే గేట్ ఓవర్‌ఫ్లోలో ఆ ప్రశ్న కింద చర్చ చదివేవాణ్ణి. సొంత సబ్జెక్టుల్లో పాఠం అవసరమైన ఒకటీ అరా చోట్లకి ఎన్‌పీటీఈఎల్ వీడియోలు ఉచితంగా ఉండనే ఉన్నాయి. అవి పరీక్ష కోసం చేసినవి కావు, నిదానంగా నడుస్తాయి, మొత్తం కోర్సు చూడబోతే మళ్లీ అదే బాకీలో పడతారు.

శనివారం ఆ పది ప్రశ్నల్లో ఐదు కూడా రాకపోతే మర్నాటి క్లాసు మానేసేవాణ్ణి. ఫీజు కట్టి మానేయడమా అని మొదట ప్రాణం ఉసూరుమంటుంది. కానీ పాత పాఠం ఊగిసలాడుతుంటే కొత్తది వినడం బాకీ పెంచుకోవడమే. ప్రయాణంతో సహా తొమ్మిది గంటలు చేతికొస్తాయి, ఒక అధ్యాయం నిలబెట్టుకోవడానికి అవి చాలు. రికార్డింగ్ ఉంటే 1.5 స్పీడులో ఆరు గంటల క్లాసు నాలుగు గంటల్లో అవుతుంది, అయితే ప్రతి లెక్క దగ్గరా ఆపి ముందు మీరు చేస్తేనే లాభం. ఆపి చేస్తే ఆ నాలుగూ మళ్లీ ఆరవుతాయి, అవ్వనీయండి.

సొంత చదువుకి బలహీనతలు లేకపోలేదు. ఆఫీసులో రిలీజ్ ఉన్న వారం మొదట ఎగిరిపోయేవి ఆ తొమ్మిది సొంత గంటలే. క్లాసుకి టైము ఉంటుంది, మేనేజర్‌కి "ఆదివారం నాకు క్లాసుంది" అని చెప్పొచ్చు. "ఆదివారం నేను చదువుకోవాలి" అంటే ఎవరూ లెక్కచేయరు. పైగా ఏ సబ్జెక్టు తర్వాత ఏది అన్న వరస కోచింగ్‌లో రెడీగా దొరుకుతుంది. గదిలో అయితే ఇష్టమైన అల్గారిథమ్స్ చుట్టూ తిరుగుతూ కంప్యూటర్ నెట్‌వర్క్స్‌ని వాయిదా వేస్తుంటాం. ఇంజినీరింగ్ మ్యాథమెటిక్స్‌కి 13 మార్కులు, ఆప్టిట్యూడ్‌కి 15 మార్కులు కేటాయించారని తెలిసీ ఆ 28 మార్కుల్ని చివరికి నెట్టేసినవాళ్లని ఎంతమందినో చూశాను.

మా రూమ్మేట్ సంగతి వేరు. బీటెక్ అయ్యాక ఉద్యోగం లేకుండా చేరాడు, వారానికి 60 గంటలకి పైగా ఉన్నాయి. అతనికి 24 గంటల క్లాసు పెట్టినా 36 గంటల సాధనకి చోటుంది. కోచింగ్ సెంటర్‌కి నడిచి వెళ్లే దూరంలో గది తీసుకోమని చెబితే జయనగర్‌కి మారిపోయాడు కూడా. అతనికి రోజువారీ బ్యాచ్ సరైన ఎంపికే. అదే బ్యాచ్‌ని నాకు అమ్మజూపిన కౌన్సెలర్, నేను ఉద్యోగం చేస్తున్నానని చెప్పాక కూడా నా వారంలో ఎన్ని గంటలున్నాయో ఒక్కసారీ అడగలేదు.

చేరేముందు మీరే అడగాల్సినవి రెండున్నాయి. సబ్జెక్టువారీగా చేరొచ్చా, టెస్ట్ సిరీస్ విడిగా ఇస్తారా అని. పరీక్ష ఫిబ్రవరిలో ఉంటుంది కాబట్టి సిలబస్ ఏ నెలకి పూర్తవుతుందో కూడా రాతపూర్వకంగా తీసుకోండి. డిసెంబరు దాకా క్లాసులు సాగే బ్యాచ్ అయితే ఉద్యోగం చేసేవాళ్లు ఆ వైపు వెళ్లకపోవడమే మేలు. అక్టోబరు చివరికల్లా నా వారంలో క్లాసు గంటలు సున్నా అయ్యాయి. నవంబరు నుంచి ఆదివారం పొద్దున మూడు గంటల మాక్, మధ్యాహ్నం దాని మీద అంతకంటే ఎక్కువ సేపు. కాలిక్యులేటర్ కూడా స్క్రీన్ మీదే ఉంటుంది, మౌస్‌తో నొక్కాలి, చేతిలోది వాడనివ్వరు. అది అలవాటయ్యేదాకా మొదటి మాకుల్లో మార్కుల గురించి టెన్షన్ పడకండి, "తె", "మొ", "లె"లలో ఏది ఎన్ని పడ్డాయో లెక్కపెట్టుకోండి.