జాగ్రత్త: మెయిళ్లు పంపే సర్వీసు కొనే ముందు, “ఇక పంపకండి” అన్నవారి చిరునామా అందులో నిజంగా తొలగుతుందో లేదో చూసుకోండి

కడియపులంకలో మా కుటుంబానికి మొక్కల నర్సరీ ఉంది. తోటల కాంట్రాక్టర్లకు, రిసార్టుల వారికి, అపార్ట్‌మెంట్ సంఘాలకు నెలనెలా మొక్కల ధరల పట్టీని మెయిల్‌లో పంపుతుంటాము. ఆ పని సులువవుతుందని నిరుడు ఒక సంస్థ నుంచి మెయిళ్లు పంపే సర్వీసును ఏడాది ప్యాకేజీగా కొన్నాను. జీఎస్టీతో కలిపి 11,800 రూపాయలు ముందే చెల్లించాను. మెయిళ్లు చక్కగానే వెళ్లాయి. వద్దన్నవారికి ఆపడంలో మాత్రం ఆ సర్వీసు మమ్మల్ని ఒక మంచి ఖాతాదారు ముందు అబద్ధాలకోరులుగా నిలబెట్టింది. మన ప్రాంతంలో నర్సరీల వారు, కొబ్బరి ఉత్పత్తుల వారు, పూతరేకులు పార్శిల్ చేసేవారు ఇటువంటి ప్యాకేజీలు కొంటున్నారు కనుక జరిగినది జరిగినట్టు రాస్తున్నాను.

జూన్ మొదటి వారంలో, తొలకరి ముందు, నీడనిచ్చే మొక్కల ధరల పట్టీ పంపాము. మరునాడు ఉదయం విశాఖపట్నంలోని ఒక తోటల కాంట్రాక్టరు నుంచి జవాబు వచ్చింది. “నేను ఈ పని మానేసి ఆరు నెలలయింది. దయచేసి మీ మెయిళ్లు ఆపండి. ఇది రెండోసారి చెప్పడం.” మొదటిసారి ఎప్పుడు చెప్పారా అని వెతికితే, మేము ఎవరూ చూడని ఒక చిరునామాకు ఆయన ఏప్రిల్‌లోనే రాశారని తేలింది. పంపే చిరునామాకు వచ్చే జవాబులను ఆ సర్వీసు తన డాష్‌బోర్డులో ఒక మూల ఉన్న పెట్టెలో వేస్తుంది, మన ఇన్‌బాక్స్‌కు పంపదు. ఆ సంగతి కొన్నప్పుడు ఎవరూ చెప్పలేదు. ఈసారి జవాబు మాకు చేరింది కూడా, ఆయన మా నర్సరీ సొంత చిరునామా వెతుక్కుని రాయబట్టే.

వెంటనే జాబితాలో ఆయన చిరునామా ఎదుట ఉన్న అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ నొక్కాను. ఆ తరువాతే క్షమాపణ రాశాను. ఈ వరుస ముఖ్యం. తీసివేయకుండా “తీసివేస్తాము” అని రాస్తే, ఆ మధ్యలో ఇంకొక మెయిల్ వెళ్లే ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. నేను రాసినది ఇంతే: “నమస్కారం సార్. మీరు వద్దని చెప్పినా మెయిల్ పంపినందుకు క్షమించండి. మీ చిరునామాను ఇప్పుడే మా జాబితా నుంచి తీసివేశాను. ఇకపై ధరల మెయిళ్లు రావు.” ఎందుకు వద్దనుకుంటున్నారని అడగలేదు, పొరపాటు ఎలా జరిగిందో వివరించలేదు, మళ్లీ అవసరమైతే మమ్మల్నే గుర్తుంచుకోండి అనీ రాయలేదు. విసుగుతో ఉన్న మనిషికి కావలసింది ఆగిపోయిందన్న ఒక్క మాట. ఆ తరువాత రాసే ప్రతి వాక్యమూ ఆయన అడగని ఇంకొక మెయిలే అవుతుంది.

అయితే ఆ జవాబును నేను సర్వీసు డాష్‌బోర్డు నుంచే పంపాను. వెళ్లిన మెయిల్‌ను తెరిచి చూస్తే, నా నాలుగు వాక్యాల కింద బోగన్‌విలియా పూల బొమ్మతో “ఈ వారం ప్రత్యేక ధరలు” అన్న ప్రకటన అతికి ఉంది. అక్కడి నుంచి వెళ్లే ప్రతి మెయిల్‌కూ ఆ అడుగు భాగం దానంతట అదే చేరుతుందట. క్షమాపణ కింద ప్రకటన చూసిన ఆయనకు ఎలా ఉండి ఉంటుందో తలచుకుంటే నాకు ఈనాటికీ బాధగానే ఉంటుంది. ఇటువంటి జవాబును మీ సొంత మెయిల్‌బాక్స్ నుంచి, వచ్చిన మెయిల్‌కే రిప్లైగా, అలంకరణ ఏదీ లేకుండా పంపండి. దీనికి ఇంకొక కారణమూ ఉంది. సరిగ్గా పనిచేసే సర్వీసైతే ఒకసారి నిరోధించిన చిరునామాకు ఏ మెయిల్‌నూ, మీ క్షమాపణను సైతం, పోనివ్వదు.

నాలుగు రోజులకు పూల మొక్కల పట్టీ వెళ్లింది. గంటలోపే ఆయన మళ్లీ రాశారు: “క్షమించండి అని రాసి మళ్లీ పంపుతారా?” నేను నమ్మలేకపోయాను. పరిశీలిస్తే అసలు లోపం బయటపడింది. మాకు మూడు జాబితాలు ఉన్నాయి, నీడ మొక్కలు, పూల మొక్కలు, పండ్ల అంట్లు. ఆయన చిరునామా మూడింటిలోనూ ఉంది. ఆ సర్వీసులో అన్‌సబ్‌స్క్రైబ్ అంటే మెయిల్ ఏ జాబితా నుంచి వెళ్లిందో ఆ ఒక్క జాబితాకే వర్తిస్తుంది. మిగిలిన రెండింటిలో ఆయన పేరు చెక్కుచెదరలేదు. అసలు చదివే మనిషికి మన జాబితాలు మూడని ఎలా తెలుస్తుంది, ఎందుకు తెలియాలి? ఆయన “మీ మెయిళ్లు” అన్నారంటే మా నర్సరీ పేరుతో వచ్చే మెయిళ్లన్నీ అని అర్థం. మూడింటి నుంచీ చేతితో తీసివేసి, ఫోన్ చేసి క్షమాపణ చెప్పుకున్నాను. ఆయన మర్యాదగానే మాట్లాడారు.

జూలై 1న మూడోసారి జరిగింది. మా తమ్ముడు ప్రతి నెలా కొత్త ఖాతాదారుల పేర్లను ఎక్సెల్ పట్టికలో చేర్చి, పట్టిక మొత్తాన్ని మళ్లీ అప్‌లోడ్ చేస్తాడు. ఆయన పేరు ఆ పట్టికలో పాత ఖాతాదారుగా అలాగే ఉంది. అప్‌లోడ్ చేసే పేజీలో “ఉన్న వివరాలను కొత్తవాటితో మార్చు” అన్న గడిలో టిక్ ముందే పెట్టి ఉంటుంది. దాంతో వద్దన్నవారందరూ ఒక్క క్షణంలో మళ్లీ చందాదారులయ్యారు. ఆయన ఒక్కరే కాదు, అంతకు ముందు మానేసిన 23 మందికీ ఆ ఉదయం ధరల పట్టీ వెళ్లింది. ఆయన ఈసారి జవాబు రాయలేదు. మెయిల్‌ను స్పామ్‌గా గుర్తించానని ఫోన్‌లో చెప్పి పెట్టేశారు.

ఆ ఒక్క నొక్కు వల్ల నష్టం ఆయనతో ఆగదు. మెయిల్ పంపేవారు ఎవరైనా స్పామ్ ఫిర్యాదులను 0.3 శాతం లోపే ఉంచాలని జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి నియమం పెట్టింది, 0.1 శాతం లోపు ఉంటే మేలని కూడా చెబుతోంది. అంటే వేయి మందిలో ముగ్గురు చాలు. ఆ గీత దాటితే మొక్కలు కావాలనుకునే వారికి పంపే మెయిళ్లు కూడా స్పామ్‌లో పడటం మొదలవుతుంది. అందుకే కోపంగానైనా జవాబు రాసినవారు మనకు మేలు చేసినట్టే. రాసే శ్రమ తీసుకోని వారు నేరుగా స్పామ్ బటన్ నొక్కుతారు.

సంస్థ వారికి మూడుసార్లు ఫిర్యాదు చేశాను. “అకౌంట్ మొత్తానికి ఒకే నిరోధ జాబితా అనే సౌకర్యం పై ప్యాకేజీలో ఉంది, మరికొంత చెల్లిస్తే తెరుస్తాము” అన్నది వారి జవాబు. వద్దన్నవారికి పంపకుండా ఉండటాన్ని అదనపు సౌకర్యంగా అమ్మడం నాకు ఏమాత్రం న్యాయంగా తోచలేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, సమ్మతి ఇచ్చినంత సులువుగానే దానిని వెనక్కి తీసుకునే వీలు ఉండాలని చెబుతోంది. మిగిలిన ఎనిమిది నెలల సొమ్ము తిరిగి ఇవ్వమని అడిగితే, షరతులలో లేదన్నారు.

ఇటువంటి సర్వీసును కొనదలచినవారు సొమ్ము కట్టే ముందు, ఉచితంగా చూసుకోనిచ్చే రోజులలోనే, అరగంట వెచ్చించి ఈ పరీక్ష చేయండి. మీ సొంత చిరునామా ఒకటి తీసుకుని రెండు జాబితాలలో చేర్చండి. మొదటి జాబితాకు ఒక మెయిల్ పంపి, అందులోని అన్‌సబ్‌స్క్రైబ్ లింకు నొక్కండి. తరువాత రెండో జాబితాకు పంపండి, అది రాకూడదు. ఇప్పుడు అదే చిరునామా ఉన్న ఎక్సెల్ పట్టికను తిరిగి అప్‌లోడ్ చేసి, రెండు జాబితాలకూ మరొకసారి పంపండి, అప్పుడూ రాకూడదు. రెండింటిలో ఏది వచ్చినా ఆ సర్వీసును వదిలేయండి. వీలైతే, రేపటికి షెడ్యూలు చేసిన మెయిల్ ఒకటి ఉండగా ఈరోజు మానేసి చూడండి. కొన్ని సర్వీసులు షెడ్యూలు చేసిన క్షణాన ఉన్న జాబితానే పట్టుకుని కూర్చుంటాయి.

వచ్చిన మెయిల్‌ను జీమెయిల్‌లో తెరిచి, మూడు చుక్కల మెనూలో “Show original” నొక్కితే, పై భాగంలో ఈ రెండు వరుసలు కనిపించాలి.

```
List-Unsubscribe: <https://...>
List-Unsubscribe-Post: List-Unsubscribe=One-Click
```

ఇవి ఉంటే పంపినవారి పేరు పక్కనే జీమెయిల్ అన్‌సబ్‌స్క్రైబ్ లింకును చూపగలదు. విసిగినవారు మనకు కోపంగా రాయవలసిన అవసరం లేకుండానే ఒక్క నొక్కుతో బయటపడతారు. జీమెయిల్ చిరునామాలకు రోజుకు 5,000కు పైగా మెయిళ్లు పంపేవారికి ఇది తప్పనిసరి, అడిగిన రెండు రోజులలోగా ఆపడమూ తప్పనిసరే. మనబోటి చిన్నవారికి ఆ నిబంధన వర్తించకపోయినా, నేనైతే ఈ వరుసలు లేని సర్వీసును ఇక కొనను.

సర్వీసు మంచిదైనా మన చేతిలో జరిగే పొరపాటు ఒకటుంది. కాకినాడలోని ఒక అపార్ట్‌మెంట్ సంఘం మాజీ కార్యదర్శి మెయిళ్లు ఆపమని రాశారు. ఆ చిరునామాను వెతికితే ఏ జాబితాలోనూ లేదు. ఎప్పుడో తీసేసి ఉంటామనుకుని “తీసివేశాము” అని జవాబిచ్చాను. మరుసటి నెల ఆయనకు మళ్లీ వెళ్లింది. మా జాబితాలో ఉన్నది సంఘం చిరునామా. దానికి వచ్చే మెయిళ్లన్నీ ఆయన సొంత చిరునామాకు ఫార్వర్డ్ అవుతాయి, జవాబు అక్కడి నుంచి రాస్తారు. ఆయన రిప్లై అడుగున మా పాత మెయిల్ ఉంది, అందులో “To” అన్న చోట సంఘం చిరునామా స్పష్టంగానే కనబడుతోంది. నేను చూడలేదు. వెతికిన చిరునామా దొరకకపోతే తీసివేశామని ఎన్నడూ రాయకండి. ముందు ఆ అడుగు భాగం చూడండి, అక్కడా తెలియకపోతే “మా మెయిల్ మీకు ఏ చిరునామాకు వచ్చిందో దయచేసి తెలపండి, వెంటనే తీసివేస్తాను” అని ఒక్క వాక్యం రాయండి. వద్దన్నవారిని అడగదగిన ప్రశ్న అదొక్కటే.

ఇప్పటికే ఇటువంటి ప్యాకేజీలో చిక్కుకున్నవారు పేర్లను డిలీట్ చేయకండి. డిలీట్ చేసిన పేరు తదుపరి అప్‌లోడ్‌లో కొత్త పేరుగా తిరిగి వస్తుంది, అది వద్దన్న మనిషిదని గుర్తు చేసే ఆనవాలు ఎక్కడా మిగలదు. మేము ఎక్సెల్ పట్టికలోనే “పంపకూడదు” అని ఒక గడి పెట్టి, వద్దన్నవారి చిరునామా పక్కన తేదీ రాస్తున్నాము. అప్‌లోడ్‌కు ముందు ఆ గడి నిండిన వరుసలన్నింటినీ వేరే పట్టికలోకి తీసివేస్తాము, టిక్ తీసేశామా లేదా అని తమ్ముడు, నేను ఇద్దరమూ చూస్తాము. ప్యాకేజీ గడువు ఫిబ్రవరితో ముగుస్తుంది, అంతవరకు ఈ పని చేతితోనే సాగాలి.